వడ్లగింజ, మెంతిగింజ, అలసందగింజ

మా వదిన వాళ్లింట్లో బొద్దింకలకు ఒక వంశవృక్షం ఉంది. బాత్రూంలో అర్ధరాత్రి లైటు వేస్తే మీసాలు ఊపుతూ కనబడే పెద్దది తాతగారు. వంటింట్లో గట్టు మీద చెదిరి పరుగెత్తే చిన్నవి ఆయన మనవలు. హాల్లో టీవీ వెనకాల ఉండేవి వేరు కాపురం పెట్టుకున్న కొడుకులు. ఇదంతా వదిన సొంత పరిశోధన. దాన్నిబట్టి ఆవిడ యుద్ధ వ్యూహం కూడా తయారైంది: "తాతని లేపేస్తే సంతానం ఆగిపోతుంది." అందుకని రెండేళ్లుగా స్ప్రే డబ్బాలన్నీ బాత్రూంలోనే ఖాళీ అవుతున్నాయి. వంటింట్లో మనవలు మాత్రం మూడు పువ్వులూ ఆరు కాయలుగా ఉన్నారు.

నేను ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పినదాన్ని. బైపీసీ పిల్లల చేత బొద్దింక కోయించీ కోయించీ, నా చీరలకు ఫార్మలిన్ వాసన పట్టిందని ఇంట్లోవాళ్లు విసుక్కునేవారు. అలాంటిదాన్ని ఆ వంశవృక్షం వింటూ ఎలా ఊరుకోను చెప్పండి? "వదినా, వాళ్లు ముగ్గురూ ఒక ఇంటిపేరు వాళ్లు కాదు. మూడు వేర్వేరు కులాలు" అన్నాను. "పంతులమ్మ మొదలెట్టింది" అని అన్నయ్య పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ముందు ఒక్క సంగతి చెబుతాను, దీనితోనే సగం గందరగోళం పోతుంది. రెక్కలున్న బొద్దింక ఎంత చిన్నదైనా సరే, అది ఎదిగిన బొద్దింకే. ఇక అంతకన్నా పెరగదు. బొద్దింక పిల్లలకు రెక్కలుండవు, కుబుసం విడిచి విడిచి ఆఖరిసారి మాత్రమే రెక్కలొస్తాయి. కాబట్టి గట్టు మీద అర అంగుళం పురుగు ఒంటినిండా రెక్కలు కప్పుకొని ఉంటే అది తాతగారి మనవడు కాదు, వాడే ఒక కుటుంబానికి పెద్ద. 

ఆ రాత్రి నేను టార్చిలైటూ, బజార్లో దొరికే జిగురు అట్టలూ పట్టుకొని రంగంలోకి దిగాను. అట్టని గోడా నేలా కలిసే మూలలో, గోడకి ఆనించి పెట్టాలి. బొద్దింకకి గోడ పట్టుకొని నడవడం అలవాటు, గది మధ్యలో పెడితే మన కాలికే అంటుకుంటుంది. ఫ్రిజ్ వెనక ఒకటి, సింకు కింద ఒకటి, గ్యాసు సిలిండరు పక్కన ఒకటి, టీవీ బల్ల లోపల ఒకటి, బీరువా మీద ఒకటి, బాత్రూంలో ఒకటి. అన్నిటి మీదా తేదీ రాశాను. మూడు రాత్రులు ఉంచి తీసి చూస్తే ఫ్రిజ్ వెనక అట్ట నిండిపోయింది, సింకు కింద దానికి సగం. సిలిండరు దగ్గర రెండే. టీవీ బల్లలో నాలుగు. బీరువా మీద ఒకటి. బాత్రూంలో ఒకే ఒక్కటి, కానీ అట్ట సగం ఆక్రమించింది.

వదినకి భూతద్దం ఇచ్చి ఫ్రిజ్ వాటిని చూడమన్నాను. లేత గోధుమరంగు, తల మీద కప్పిన పెంకు మీద రెండు నల్లటి నిలువు గీతలు. "అయ్యో, నామాలు పెట్టుకున్నాయే!" అంది. అంతే, ఇక మరిచిపోదు. ఇదే జర్మన్ బొద్దింక. తర్వాత టీవీ బల్లవి. ఇంచుమించు అంతే సైజు, కాస్త చిన్నవేనేమో. నిలువు నామాలు లేవు. దాని బదులు రెక్కల మొదట్లో అడ్డంగా లేతరంగు పట్టీలు, పిల్లల్లో అయితే ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. "ఇవి అడ్డబొట్లవి" అంది వదిన. ఇంగ్లీషువాళ్లు బ్రౌన్ బ్యాండెడ్ అనేది వీటినే. ఇక బాత్రూంలోది మా పాఠ్యపుస్తకం బొద్దింక, పెరిప్లానెటా అమెరికానా. ఒకటిన్నర అంగుళం, ఎర్రమట్టి రంగు, తల పెంకు అంచున పసుపు పట్టీ. మా ఇంటర్ పిల్లలందరూ బొమ్మ వేసిన పురుగు అదే.

పేర్లు నమ్మకండి. అమెరికన్ బొద్దింక పుట్టిల్లు ఆఫ్రికా. జర్మన్ బొద్దింకకి 1767లో లినేయస్ ఆ పేరు పెట్టాడు. కానీ 2024లో వచ్చిన జన్యు పరిశోధన తేల్చింది ఏమిటంటే, అది సుమారు 2100 ఏళ్ల కిందట మన దేశంలోనో బర్మాలోనో, ఆసియా బొద్దింక అనే పొలాల పురుగు నుంచి విడిపోయి మనిషి ఇల్లు పట్టింది. అంటే వదిన ఫ్రిజ్ వెనక ఉన్నది పరాయివాడు కాదు, మన వైపు వాడే లోకమంతా తిరిగొచ్చాడు.

సరే, అసలు విషయానికి వస్తాను. పురుగుని చూసి గుర్తు పట్టడం కన్నా నాకు ఎక్కువ ఉపయోగపడింది దాని గుడ్ల తిత్తి. క్లాసులో దీన్ని ఊథీకా అని చెప్పేదాన్ని. తల్లి కడుపులోని గ్రంథులు ఊరించిన రసం గట్టిపడి, తోలుపర్సులా అయి, దాని లోపల గుడ్లు రెండు వరసలుగా నిలబెట్టినట్టు ఉంటాయి. ఈ పర్సుని తల్లి ఏం చేస్తుందన్నదే మనం ఏం చేయాలో చెబుతుంది. పర్సుని ఒకామె చంకలో పెట్టుకొని తిరుగుతుంది, ఒకామె బీరువాకి అంటించి పోతుంది, ఒకామె చీకటి మూల చూసి దాచి తన దారిన తాను పోతుంది.

చంకలో పెట్టుకొనేది జర్మన్. దాని తిత్తి వడ్లగింజంత పొడవు, ఇంచుమించు వడ్లగింజ రంగే, అడ్డంగా సన్నని గీతలుంటాయి. లోపల ముప్పై, నలభై గుడ్లు. తల్లి దాన్ని ఒంటి చివర అంటించుకొని మూడు నాలుగు వారాలు మోస్తుంది, పిల్లలు బయటికి రావడానికి కొన్ని గంటల ముందో ఒక రోజు ముందో వదిలేస్తుంది. మోసినన్నాళ్లూ గుడ్లకు కావలసిన నీరు తల్లి ఒంట్లోంచే అందుతుంది. అందుకే ముందే ఊడిపోతే ఆ తిత్తి ఎండిపోతుంది, పిల్లలు రావు. మీ ఇంట్లో ఎక్కడైనా వడ్లగింజ తిత్తి పడి కనబడిందంటే అది చాలామటుకు ఖాళీది, పిల్లలు అప్పటికే వెళ్లిపోయి ఉంటారు. దాన్ని ఏరడం వల్ల లాభం లేదు.

"మరి చెప్పుతో కొడితే గుడ్లు చిందుతాయంటారే?" అని వదిన. చిందవు. కానీ తల్లి చచ్చే సమయానికి తిత్తిలో పిల్లలు పక్వానికి వచ్చి ఉంటే, చచ్చిన తల్లి నుంచి కూడా బయటికి వచ్చేస్తాయి. కాబట్టి కొట్టి వదిలేయకుండా వెనక తిత్తి ఉందేమో చూసి, కాగితంలో పెట్టి నలిపి పడేయడం మంచిది.

ఇక్కడ చిక్కేమిటంటే, తిత్తి మోసే తల్లి బయట తిరగదు. తిండి కూడా బాగా తగ్గిస్తుంది. పగుల్లోంచి రాదు, మనం పెట్టిన మందు ముట్టదు. అందుకే మొదటిసారి జెల్ పెట్టాక వారం రోజుల్లో ఇల్లు శుభ్రమైపోయిందనిపించి, మూడోవారంలో ఆవగింజల్లాంటి నల్లటి పిల్లలు గట్టు మీదకి వస్తాయి. "మందు పనిచెయ్యలేదు" అని జనం వదిలేసేది సరిగ్గా అప్పుడే. పనిచేసింది. అప్పుడు మిగిలిపోయిన తల్లుల చంకలోవాళ్లు ఇప్పుడు పుట్టారు. రెండో దఫా జెల్ పెట్టాల్సిన రోజు అదే.

జెల్ ఎలా పెట్టాలో కూడా చెబుతాను, ఎందుకంటే వదిన పెట్టినదాన్ని చూశాను. కందిగింజంత ముద్దలు ఆరు పెట్టి, వాటి చుట్టూ గోడలకు స్ప్రే కొట్టింది. మందు వాసనకు పురుగులు దూరం జరిగాయి, ముద్దలు ఎండిపోయాయి. స్ప్రేలో వాడే మందులు చాలావాటికి పురుగుని తరిమే గుణం ఉంటుంది. జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టడమంటే విందుకి పిలిచి వాకిట్లో కుక్కని కట్టేయడమే. నేను చేసింది ఇది: ఒక్కోటి ఆవగింజకి రెండింతలు ఉండేలా, ముప్పై నలభై చుక్కలు. అలమర తలుపుల కీళ్ల లోపల, సింకు తొట్టి కింద అంచున, ఫ్రిజ్ మోటారు దగ్గర పొడి చోట, పొయ్యి కింద, మిక్సీ అడుగున. అట్ట నిండిన చోట ఎక్కువ, రెండే పడిన చోట తక్కువ. జర్మన్ బొద్దింక తన గూడుకి దూరం పోదు, తిండి ఒకటి రెండు అడుగుల్లో దొరకాలి. అట్టల మీద లెక్క చూసింది ఇందుకే. జెల్‌లో సాధారణంగా ఫిప్రోనిల్ గానీ ఇమిడాక్లోప్రిడ్ గానీ ఉంటుంది, డబ్బా మీద చదివితే తెలుస్తుంది. పళ్లేలూ తిండీ తగిలే చోట, పిల్లల చేతికి అందే చోట పెట్టకూడదు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. జెల్ తిన్న బొద్దింక గూటికి పోయి అక్కడే విసర్జించి చస్తుంది. గూడు వదలని చిన్న పిల్లలు ఆ పెంటిక తింటాయి, శవాన్నీ తింటాయి. మందు అలా రెండో చేతికి అందుతుంది. ఈ పని స్ప్రే చేయలేదు. 

మన ఇళ్లలో చేసే బోరిక్ పౌడరు, గోధుమపిండి, చక్కెర ఉండల సంగతి కూడా వదిన అడిగింది. క్యారం బోర్డు మీద చల్లే ఆ పొడే. దాన్ని ఉండ చేసేకన్నా, అలమర వెనక సందుల్లో, తడి తగలని చోట, కంటికి సరిగా ఆననంత పల్చగా చల్లితే బాగా పనిచేస్తుంది. పురుగు దాని మీద నడిచి, కాళ్లు నాకి శుభ్రం చేసుకుంటూ తింటుంది. కుప్పగా పోస్తే చుట్టూ తిరిగి పోతుంది. ఇక తీపి గురించి: కొన్ని జర్మన్ బొద్దింక గుంపుల్లో గ్లూకోజు అంటే అసహ్యం పుట్టుకొచ్చింది. దీన్ని 1993లో గుర్తించారు. 2013లో కారణం తేలింది: వాటి నోట్లో చేదుని పసిగట్టే నాడులకే గ్లూకోజు తగులుతోంది. తీపి ఎర వేసి చంపీ చంపీ, తీపి గిట్టని వాటినే మనం మిగిల్చాం. అందుకని ఒక జెల్ మొదట్లో ఆవురావురుమని తిని తర్వాత ముట్టడం మానేస్తే, మందులో లోపమని కాకుండా రకం మార్చి చూడాలి.

వంటింటి కథ ఇలా నడిచింది. రెండు వారాలకి చుక్కలు చాలావరకు ఖాళీ. మూడో వారంలో నేను ముందే చెప్పిన చిన్నవి వచ్చాయి, వదిన ఫోన్ చేసి నాలుగు తిట్లు తిట్టింది, నేను వెళ్లి రెండో దఫా పెట్టాను. ఆరో వారానికి ఫ్రిజ్ వెనక అట్ట మీద మూడే. ఒక సంగతి మాత్రం ఉంది. అపార్ట్‌మెంటులో పైపులు పోయే షాఫ్టు అందరిదీ ఒకటే, పైవాళ్ల సింకు కింద కూడా ఇదే పరిస్థితి ఉంటే మళ్లీ మళ్లీ వస్తాయి. వదిన పైవాళ్లింటికి ఒక గిన్నెలో పులిహోరా, నా ఫోన్ నంబరూ పంపింది.

ఇక టీవీ బల్ల. అడ్డబొట్టు దాని తిత్తి మెంతిగింజంత ఉంటుంది, కాస్త పెద్దది అనుకోండి, రంగు కూడా మెంతి రంగుకీ ఎరుపుకీ మధ్య. లోపల పది నుంచి పద్దెనిమిది గుడ్లు. ఈ తల్లి తిత్తిని ఒకటి, ఒకటిన్నర రోజులకు మించి మోయదు. సొరుగు కింద, కుర్చీ కింద, ఫొటో ఫ్రేము వెనక, పరదా కడ్డీ పైన జిగురుతో అంటించి వెళ్లిపోతుంది. ఇది తడి కోరదు, వెచ్చగా పొడిగా ఉండే చోటు కావాలి. వేడెక్కే సెట్‌టాప్ బాక్సూ రౌటరూ దానికి పడకగదులు. అందుకే ఇది వంటింటికి కట్టుబడి ఉండదు, గది గదికీ పాకుతుంది, ఎక్కువగా నడుం ఎత్తు పైనే ఉంటుంది. మగవి ఎగురుతాయి కూడా.

వదిన పిలిపించుకున్న పెస్ట్ కంట్రోలు అబ్బాయి ప్రతి మూడు నెలలకూ వచ్చి వంటిల్లూ బాత్రూమూ చూసి వెళ్తున్నాడు, హాలు వైపు చూడలేదు. చూసినా మందు కొట్టేవాడే, తిత్తిలోకి మందు దిగదు. ఆ పర్సు తోలు అందుకే ఉంది. ఇక్కడ ఆయుధం టార్చిలైటూ, పాత ఏటీఎం కార్డూ. నేనూ పనమ్మాయీ కలిసి బల్ల తిరగేశాం, సొరుగులు లాగి అడుగులు చూశాం, మొత్తం ఇరవై మూడు మెంతిగింజలు దొరికాయి, సగం దాకా ఖాళీవి. కార్డుతో గీకి, కాగితంలో నలిపాం. తడిగా చిట్లితే నిండుది, పొడిగా పెళపెళలాడితే పిల్లలు పోయినది. సొరుగుల మూలల్లో, పైన అలమర అంచుల్లో జెల్ చుక్కలు పెట్టాం. 

తిత్తులు దొరకనివి ఉంటాయి, అవి పగలడానికి వేడిని బట్టి నెల దాటి మూడు నెలల దాకా పడుతుంది. కాబట్టి వంటింటి లెక్క ఇక్కడ చెల్లదు. ఫ్రిజ్ దగ్గర ఆరు వారాలకి గెలుపు తెలిసింది. ఇక్కడ మూడో నెల దాటేదాకా జిగురు అట్ట తియ్యకూడదు, జెల్ ఎండితే మార్చాలి. పదో వారంలో అట్ట మీద ఒక చిన్న అడ్డబొట్టు పిల్ల పడితే వదిన కంగారుపడింది. నేను కంగారుపడలేదు. దాని తల్లి రెండు నెలల కిందటే పోయి ఉంటుంది.

తాతగారి విషయం అన్నిటికన్నా తేలిక, అందుకే క్లుప్తంగా చెబుతాను. అమెరికన్ తిత్తి నల్లటి అలసందగింజ లాంటిది, ఒక అంచున జిప్పులా పళ్లు. లోపల పద్నాలుగు, పదహారు గుడ్లు. తల్లి ఒకటి రెండు రోజుల్లో తేమగా, తిండికి దగ్గరగా ఉన్న మూలలో అంటించి పోతుంది. పగలడానికి నెలన్నర అటూ ఇటూ, పిల్ల పెద్దదవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పైగా. ఇంత నెమ్మదిగా పెరిగేది ఇంట్లో వారంలో పది కనబడితే, అవి ఇంట్లో పుట్టినవి కావు. మురుగు గొట్టంలోంచి వస్తున్నాయి. అలాంటప్పుడు ఇంట్లో మందు కొడితే వచ్చిన అతిథిని చంపుతున్నాం, తలుపు తెరిచే ఉంది.

వదిన వాళ్ల గెస్టు బాత్రూం నెలల తరబడి వాడరు. నేల మీద జాలీ కింద ప్లంబర్లు నహానీ ట్రాప్ అనే ఒక వంపు ఉంటుంది, దాంట్లో నిలబడే నీళ్లే మురుగు గొట్టానికీ మన గదికీ మధ్య తలుపు. వాడకపోతే ఆ నీళ్లు ఆవిరైపోతాయి. వారానికి ఒక చెంబెడు నీళ్లు పొయ్యమన్నాను. సన్న కన్నాల జాలీ వేయించాం, బేసిన్ గొట్టం గోడలోకి పోయే చోట ఉన్న సందుని తెల్ల సిమెంటుతో మూశాం. కింద ఛాంబరు మూత పగిలి ఉంటే అసోసియేషన్ వాళ్లకి చెప్పి మార్పించాం. రెండేళ్లుగా స్ప్రే డబ్బాలు చేయలేనిది ఒక చెంబుతో అయింది.

బేసిన్ వెనక నాలుగు అలసందగింజలు దొరికాయి. మూడింటికి జిప్పు వెంబడి చీలిక, అంటే పిల్లలు దారిచేసుకొని పోయారు. నాలుగోదానికి చివర్లో గుండ్రటి చిల్లు, పెన్నుతో పొడిచినట్టు. దాన్ని చూసి నాకు నవ్వొచ్చింది. అప్పుడప్పుడూ మన కిటికీ అద్దం మీద సన్నటి నల్ల పురుగు, కందిరీగలాంటిది, చిన్న జెండాలాంటి పొట్టని పైకీ కిందకీ ఆడిస్తూ కనిపిస్తుంది చూశారా? ఎవానియా అంటారు. మనని కుట్టదు. తాతగారి తిత్తిని వెతికి దాంట్లో ఒక్క గుడ్డు పెడుతుంది. పుట్టిన పిల్ల ఒక్కటే లోపల ఉన్న గుడ్లన్నీ తిని, పెరిగి, గుండ్రంగా కొరుక్కొని బయటికి వస్తుంది. ఇంట్లో అది ఎగురుతోందంటే దగ్గర్లో ఎక్కడో అలసందగింజలున్నాయని గుర్తు. నామాల దాని జోలికి మాత్రం పోదు, చంకలో ఉన్నదాన్ని దొంగిలించడం దానికి చేతకాదు. వదినకి ఇది చెప్పినప్పటి నుంచి ఆ నల్ల పురుగుని పేపరుతో కొట్టడం మానేసింది.

మొన్న ఫోన్ చేసింది. హాల్లో అట్ట మార్చాల్సిన తేదీలన్నీ గోడ మీది తిథుల కేలెండరులో ఎర్ర సిరాతో రాసుకుందట. కొత్త సంవత్సరం కేలెండరు తగిలిద్దామని పాతది దించిందట.

"పంతులమ్మా, దాని వెనక అట్టకి ఐదు మెంతిగింజలే!"